ట్రయల్‌లో తేలిన ఫలితం ఎవరికి వర్తిస్తుంది? ఒక మందు, మూడు చోట్లు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క మందు గురించి మాట్లాడతాను. దాని పేరు స్పైరోనోలాక్టోన్. చాలా పాత మందు, చవకైన మందు. నేను చెప్పబోయేది వైద్యం పాఠం కాదు. ఒక గుంపులో తేలిన ఫలితాన్ని పట్టుకుని ఇంకో గుంపు గురించి ఏమైనా చెప్పవచ్చా, చెప్పాలంటే ఏమేం నిజమై ఉండాలి అన్న ప్రశ్న ఇది. స్టాటిస్టిక్స్‌లో దీన్ని ఎక్స్‌టర్నల్ వాలిడిటీ అంటాం. ఈ ప్రశ్నను గాలిలో చర్చిస్తే ఎటూ తేలదు. ఈ మందు విషయంలో మాత్రం ఒకే చికిత్స మూడు వేర్వేరు చోట్ల ఎలా నడిచిందో రికార్డు ఉంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

1999లో రేల్స్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 1,663 మంది రోగులు అందులో ఉన్నారు. సగం మందికి స్పైరోనోలాక్టోన్, సగం మందికి ప్లాసీబో, అంటే చూడటానికి అలాగే ఉండే మందు లేని బిళ్ల. ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. సగటున రెండేళ్లు గమనించారు. ప్లాసీబో తీసుకున్నవాళ్లలో 46 శాతం చనిపోయారు, మందు తీసుకున్నవాళ్లలో 35 శాతం. అంటే చనిపోయే ముప్పు దాదాపు 30 శాతం తగ్గింది. ప్రయోజనం అంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ను గడువుకు ముందే ఆపేశారు. ఈ మందుకు ఒక పేరుమోసిన చిక్కు ఉంది: రక్తంలో పొటాషియం పెరుగుతుంది, మరీ పెరిగితే గుండె లయ తప్పి మనిషి ప్రాణానికే ముప్పు. ట్రయల్‌లో ఆ చిక్కు ఎంత కనిపించింది? తీవ్రంగా పెరిగినవాళ్లు ప్లాసీబో వైపు ఒక శాతం, మందు వైపు 2 శాతం. వందకు పదకొండు మంది ప్రాణాలు దక్కుతుంటే, వందకు అదనంగా ఒక్కరికి పొటాషియం పెరగడం పెద్ద ఖరీదేమీ కాదు. డాక్టర్లు ఈ మందు విరివిగా రాయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు కెనడాలోని ఆంటారియో రాష్ట్రానికి వెళ్దాం. అక్కడ 66 ఏళ్లు, ఆ పైబడిన సుమారు 13 లక్షల మంది మందుల చీటీలను, ఆస్పత్రి రికార్డులను 1994 నుంచి 2001 దాకా జతచేసి చూశారు. ఆ అధ్యయనం 2004లో అచ్చయింది. హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరి ఇంటికెళ్లిన వృద్ధుల్లో స్పైరోనోలాక్టోన్ వాడకం 1994లో వెయ్యికి 34 ఉండేది. 2001 చివరికి అది వెయ్యికి 149 అయింది. పెరుగుదల రేల్స్ ప్రచురణ వెనువెంటనే మొదలైంది. అదే కాలంలో పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు వెయ్యికి 2.4 నుంచి 11కి పెరిగారు. ఆ కారణంతో చనిపోయినవాళ్లు వెయ్యికి 0.3 నుంచి 2కి పెరిగారు. మరి ప్రయోజనం? హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ ఆస్పత్రిలో చేరడం కానీ, మొత్తం మరణాలు కానీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఆంటారియోది ట్రయల్ కాదన్నది గుర్తుంచుకోవాలి. అక్కడ లాటరీ లేదు. కాలంతో పాటు ఇంకా చాలా మారి ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగిన గీత ఒక ట్రయల్ అచ్చైన నెలల్లోనే పైకి ఎగబాకితే, దాన్ని యాదృచ్ఛికం అని తోసేయలేం.

అయితే రేల్స్ తప్పా? కాదు. రేల్స్ చెప్పింది రేల్స్‌లో ఉన్నవాళ్ల గురించి, ఆ మాట నిజం. లాటరీ వేయడం వల్ల మనకు దక్కే హామీ ఒకటే: మందు తీసుకున్న సగం, తీసుకోని సగం ఒకదానికొకటి పోలి ఉంటాయి. కాబట్టి తేడా వస్తే అది మందు వల్లే. ఆ రెండు సగాలూ కలిసి బయట ఉన్న ఇంకెవరినైనా పోలి ఉంటాయా అంటే, లాటరీకి ఆ సంగతి తెలియదు. శాంపిల్‌ను 1,663 నుంచి 16,000కి పెంచినా తెలియదు. శాంపిల్ పెరిగితే అదే గుంపు గురించి జవాబు మరింత కచ్చితమవుతుంది, అంతే. దీన్ని చాలామంది కలగాపులగం చేస్తారు. పెద్ద ట్రయల్ కాబట్టి అందరికీ వర్తిస్తుందనుకుంటారు.

రేల్స్‌లో ఉన్నది ఎవరు? సగటు వయసు 65. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి నెడుతుందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ అందరికీ 35 శాతం లేదా అంతకంటే తక్కువ. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ డెసిలీటరుకు 2.5 మిల్లీగ్రాములు దాటినవాళ్లను, పొటాషియం 5 దాటినవాళ్లను ముందే పక్కన పెట్టారు. బీటా బ్లాకర్ మందులు వాడుతున్నవాళ్లు పదిమందిలో ఒక్కరే. మోతాదు రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. ఎనిమిది వారాల తర్వాత జబ్బు ముదురుతూ, పొటాషియం బాగానే ఉంటే 50కి పెంచే వీలుంది. పొటాషియం పెరిగితే రోజు విడిచి రోజుకు తగ్గించవచ్చు. ఇక రక్తపరీక్షలు: మొదటి 12 వారాలు నాలుగేసి వారాలకు ఒకసారి, ఏడాది నిండేదాకా మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ఈ పరీక్షల షెడ్యూలును మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

రేల్స్‌కూ ఆంటారియోకూ తేడాలు రాయమంటే ఎవరైనా రెండు పేజీలు రాస్తారు. దేశాలు వేరు, వయసు వేరు, తిండి వేరు, ఆస్పత్రులు వేరు, సంవత్సరాలు వేరు. "ఈ ట్రయల్ మన దగ్గర జరగలేదు కాబట్టి మనకు పనికిరాదు" అనే వాదన ఇలాగే పుడుతుంది. ఆ వాదనను నేను ఒప్పుకోను. తేడా ఉన్నంత మాత్రాన ఫలితం మారదు. ఫలితం ఏ దారిన వస్తుందో ఆ దారిలో ఉన్న తేడాలే లెక్కకొస్తాయి. మిగతావి ఎన్నున్నా పర్వాలేదు. "వేర్వేరు జనాభా" అని చెప్పి ఆగిపోయేవాళ్లనూ, "శరీరాలన్నీ ఒకటే" అని కొట్టిపారేసేవాళ్లనూ ఒకే ప్రశ్న అడగాలి: ఏ తేడా, ఏ మెట్టు దగ్గర, ఎటువైపు మారుస్తుంది?

దానికి మందు పనిచేసే దారి తెలియాలి. శరీరంలో ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ కిడ్నీకి రెండు పనులు చెబుతుంది: ఉప్పును నిలుపుకో, పొటాషియాన్ని బయటికి పంపు. స్పైరోనోలాక్టోన్ ఆ హార్మోన్‌కు అడ్డు నిలబడుతుంది. గుండెకు ఇది మంచిది. కానీ పొటాషియం బయటికి పోయే తలుపు సగం మూసుకుంటుంది. ఈ రోగులు ఎటూ ఏసీఈ ఇన్హిబిటర్ అనే ఇంకో మందు వాడుతుంటారు, అది ఆల్డోస్టిరోన్ తయారీనే తగ్గిస్తుంది. దానికి తోడు కిడ్నీ బలహీనంగా ఉంటే, లేదా బీటా బ్లాకరో, కీళ్లనొప్పుల బిళ్లలో, పొటాషియం సిరప్పో వాడుతుంటే, రక్తంలో పొటాషియం ఇంకా పేరుకుంటుంది. అంటే హాని వచ్చే దారిలో ఉన్న ముఖ్యమైన విషయాలు మూడు: కిడ్నీ పనితీరు, తోడుగా వాడే మందులు, పొటాషియం పెరిగినప్పుడు ఎంత త్వరగా కనిపెడతారన్నది. రోగి ఏ దేశం పౌరుడన్నది ఈ జాబితాలో లేదు.

కిడ్నీ పనితీరు దగ్గర ఒక ఉచ్చు ఉంది. దీన్ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. రేల్స్ హద్దు క్రియాటినిన్ 2.5 కదా. ఒక డాక్టరు చాలా జాగ్రత్తపరుడనుకోండి. ట్రయల్ నిబంధనలు చదివి, తన రోగికి క్రియాటినిన్ 1.8 అని చూసి, 2.5 లోపే కదా, ట్రయల్‌కు సరిపోయే మనిషే అని మందు రాస్తాడు. కానీ క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. కండ తక్కువున్న మనిషిలో అది తక్కువగా పుడుతుంది కాబట్టి, కిడ్నీ బాగా దెబ్బతిన్నా రక్తంలో అంకె పెద్దగా కనిపించదు. కిడ్నీ నిజంగా నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తోందో అంచనా వేయడానికి పాత కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం ఉంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లయితే వచ్చిన దాన్ని 0.85తో గుణించాలి.

60 ఏళ్లు, 80 కిలోల మగవాడిని తీసుకోండి. క్రియాటినిన్ 1.8. పైన 80 ఇంటూ 80, అంటే 6,400. కింద 72 ఇంటూ 1.8, అంటే 129.6. జవాబు నిమిషానికి సుమారు 49 మిల్లీలీటర్లు. ఇప్పుడు 80 ఏళ్లు, 50 కిలోల ముసలావిడ. క్రియాటినిన్ అదే 1.8. పైన 60 ఇంటూ 50, అంటే 3,000. 129.6తో భాగిస్తే 23. దాన్ని 0.85తో గుణిస్తే సుమారు 20. రక్తపరీక్ష కాగితం మీద ఇద్దరి అంకె ఒకటే. ఇద్దరూ ట్రయల్ హద్దు లోపలే ఉన్నారు. ఒకరి కిడ్నీలు రెండోవారి కిడ్నీల్లో సగం కూడా పనిచేయడం లేదు. సగటున 65 ఏళ్ల గుంపులో ఒక అర్థమున్న హద్దు, 80 ఏళ్ల గుంపులోకి వెళ్లేసరికి ఇంకో అర్థానికి మారిపోయింది. ట్రయల్ ఫలితం సంగతి తర్వాత, ట్రయల్‌లో చేర్చుకునే నిబంధన కూడా ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు చెక్కుచెదరకుండా వెళ్లలేదు. నిబంధనల జాబితాతో టిక్కులు పెట్టుకునే పద్ధతి మీద నాకు అంత గురి లేకపోవడానికి కారణం ఇదే.

ఇక ఇంకో విషయం. మనం "ఫలితం వర్తిస్తుందా" అని ఏకవచనంలో అడుగుతాం. ఒక చికిత్సకు ఫలితం ఒకటి ఉండదు. మేలు ఒక దారిలో వెళ్తుంది, కీడు ఇంకో దారిలో వెళ్తుంది. రెండింటినీ విడివిడిగా అడగాలి. రేల్స్‌లో మేలును చూడండి. రెండేళ్లలో వందకు 46 మంది చనిపోయే గుంపులో 30 శాతం తగ్గింపు అంటే వందకు పదకొండు, పధ్నాలుగు మంది ఆ చుట్టుపక్కల. అదే 30 శాతం తగ్గింపు ఇంకో చోట కూడా నిజంగా ఉందనుకోండి, కానీ అక్కడ జబ్బు అంత ముదరలేదు, రెండేళ్లలో వందకు పదిమందే చనిపోతారు. అప్పుడు దక్కే ప్రాణాలు వందకు మూడు. కీడు మాత్రం గుండె జబ్బు తీవ్రతను బట్టి కాక, ఎక్కువగా కిడ్నీలను బట్టి నడుస్తుంది. కాబట్టి గుండె జబ్బు తేలికగా ఉండి కిడ్నీలు బలహీనంగా ఉన్న గుంపులోకి వెళ్లామంటే మేలు కుదించుకుపోతుంది, కీడు ఉబ్బుతుంది. పైగా ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 లోపు ఉన్నవాళ్లనే రేల్స్ తీసుకుంది. వృద్ధుల్లో హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ అంకె బాగానే ఉంటుంది. వాళ్ల గురించి రేల్స్ ఏమీ చెప్పలేదు. మందుల చీటీల రికార్డులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఉండదు కాబట్టి, ఆంటారియోలో ఎంతమంది అలాంటివాళ్లకు మందు వెళ్లిందో ఆ రికార్డు నుంచి చెప్పలేం.

ఇప్పుడు లెక్క ఎలా చేస్తారో చూపిస్తాను. ఈ అంకెలు నేను లెక్క కోసం కల్పించినవి, రేల్స్‌వి కావు. ఒక ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్లు 820 మంది. కిడ్నీ పనితీరును బట్టి మూడు వర్గాలు చేశాం. బాగున్నవాళ్లు 60 శాతం, మధ్యస్థం 35 శాతం, బలహీనం 5 శాతం. ఏడాదిలో పొటాషియం తీవ్రంగా పెరిగినవాళ్లు మొదటి వర్గంలో ఒక శాతం, రెండో వర్గంలో 3 శాతం, మూడో వర్గంలో 12 శాతం. ఒక్కో వర్గం వాటాను దాని ముప్పుతో గుణించి కలిపితే 0.6, 1.05, 0.6. మొత్తం 2.25 శాతం. ట్రయల్ నివేదిక సారాంశంలో కనిపించే అంకె ఇదే.

మనం మందు ఇవ్వాలనుకుంటున్న గుంపులో వాటాలు వేరు. బాగున్నవాళ్లు 25 శాతం, మధ్యస్థం 45, బలహీనం 30. ఒక్కో వర్గం లోపల ముప్పు అంతే ఉంటుందని అనుకుని, వాటాలు మాత్రమే మార్చి గుణిస్తే 0.25, 1.35, 3.6. మొత్తం 5.2 శాతం. ఎవరి శరీరమూ మారలేదు, మందు మారలేదు, మోతాదు మారలేదు. మనుషుల కలబోత మారినందుకే ముప్పు రెండింతలు దాటింది. దీన్ని రీవెయిటింగ్ అంటారు. చాలామంది ఇక్కడితో ఆపి "మా జనాభాకు సవరించాం" అని రాసేస్తారు.

ఆపకూడదు. 5.2లో 3.6 ఎక్కడి నుంచి వచ్చింది? బలహీనమైన కిడ్నీల వర్గం నుంచి. ట్రయల్‌లో ఆ వర్గంలో ఎంతమంది? 820లో 5 శాతం, అంటే 41 మంది. వాళ్లలో 12 శాతం అంటే అయిదుగురు. 41లో అయిదుగురు అన్న అంకె నుంచి అసలు ముప్పు ఎంతో చెప్పాలంటే 95 శాతం విశ్వసనీయ అవధి దాదాపు 4 నుంచి 26 శాతం దాకా సాగుతుంది. కింది కొసను పెట్టి లెక్కేస్తే మొత్తం ముప్పు 2.8 శాతం. పై కొసను పెడితే 9.4 శాతం. వందకు ముగ్గురా, తొమ్మిదిమందా అన్నది ఆ 41 మంది మీద వేలాడుతోంది.

ఇది ముందే కనిపెట్టే పద్ధతి ఒకటుంది. ఒక్కో మనిషికీ పడే బరువు చూడండి: కావాల్సిన వాటాను ఉన్న వాటాతో భాగించాలి. మొదటి వర్గంవాళ్లకు 25 బై 60, అంటే 0.42. రెండోవాళ్లకు 1.29. మూడోవాళ్లకు 30 బై 5, అంటే 6. ఆ 41 మందిలో ఒక్కొక్కరూ ఆరుగురి తరఫున మాట్లాడుతున్నారు. అందరి బరువులూ కూడి, ఆ మొత్తాన్ని దానితోనే గుణించి, ఒక్కొక్కరి బరువును దానితోనే గుణించి కూడిన మొత్తంతో భాగిస్తే ఎఫెక్టివ్ శాంపిల్ సైజ్ వస్తుంది. ఇక్కడ 820ని 820తో గుణించి సుమారు 2,036తో భాగిస్తే 330. మీ దగ్గర కాగితం మీద 820 మంది ఉన్నారు, కొత్త గుంపు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం 330 మందిదే బలం. సవరించిన అంకెతో పాటు ఈ అంకెనూ, అతి పెద్ద బరువునూ రాయని నివేదికను నేను పెద్దగా పట్టించుకోను.

ఇక బరువులతో అసలు దాటలేని గోడ ఇంకోటి. మనం చూసిన ముసలావిడలాంటివాళ్లు, కిడ్నీ పనితీరు 20 దగ్గర ఉన్నవాళ్లు, కొత్త గుంపులో పదో వంతు ఉన్నారనుకోండి. ట్రయల్‌లో ఒక్కరూ లేరు. సున్నాను ఏ బరువుతో గుణించినా సున్నాయే. సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఎర్రర్ ఇవ్వదు. మీరు వర్గాలను కాస్త వెడల్పుగా కోసి ఉంటే, ఈ మనుషులను పనితీరు 35 ఉన్నవాళ్లతో ఒకే గంపలో వేసి, నున్నటి అంకె ఒకటి ఇచ్చేస్తుంది. మోడల్ వాడితే గీతను పొడిగించి ఇంకా నున్నగా ఇస్తుంది. కాబట్టి బరువులు లెక్కించే ముందే రెండు గుంపుల కిడ్నీ పనితీరు పంపిణీలను ఒకదాని మీద ఒకటి గీసి చూడాలి. అతివ్యాప్తి లేని చోట అంచనా ఇవ్వకూడదు. "ఈ పది శాతం మంది గురించి మా దగ్గర సమాచారం లేదు, మా అంచనా మిగతా తొంభై శాతానికే" అని రాయాలి. ఆ వాక్యం రాయడానికి జనం ఎందుకో మొహమాటపడతారు.

ఇంతా చేసి, మూడో విషయం ఇంకా మిగిలే ఉంది. రక్తపరీక్షలు. వర్గం లోపల ముప్పు 12 శాతం అన్నామే, అది ఏ పరిస్థితుల్లో కొలిచిన 12 శాతం? మొదటి మూడు నెలలు నాలుగేసి వారాలకు రక్తం తీసి, పొటాషియం ఎక్కుతుంటే వెంటనే మోతాదు తగ్గించిన పరిస్థితుల్లో కొలిచింది. చీటీ రాసి ఆర్నెల్లకు రమ్మనే చోట అదే కిడ్నీలున్న అదే మనిషికి ముప్పు అంతే ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. మనుషుల లక్షణాలకు ఎన్ని బరువులు వేసినా ఈ తేడా సర్దుకోదు, ఎందుకంటే ఇది రోగులలో ఉన్న తేడా కాదు. రేల్స్ పరీక్షించింది ఒట్టి బిళ్లను కాదు. బిళ్ల, పరీక్షల షెడ్యూలు, మోతాదు తగ్గించే నియమం, ఈ మూడూ కలిసిన కట్టను. బయటికి వెళ్లింది బిళ్ల ఒక్కటే.

ఇది ఊహ అనకుండా మూడో చోటు చూడండి. స్కాట్లండ్‌లోని టేసైడ్ ప్రాంతం. అక్కడి రికార్డుల అధ్యయనం 2010లో వచ్చింది. రేల్స్ తర్వాత అక్కడా స్పైరోనోలాక్టోన్ వాడకం బాగా పెరిగింది. కానీ పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరేవాళ్ల సంఖ్య దాంతో పాటు ఎగబాకలేదు. ఆ కాలంలోనే అక్కడ ఈ రోగులకు పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయడం పెరిగింది. దీన్ని కూడా రుజువు అనను, ఇదీ రికార్డుల అధ్యయనమే. కానీ కీడు వచ్చే దారిలో మనం గుర్తించిన మెట్టు దగ్గరే రెండు ప్రాంతాలకూ తేడా ఉంటే, మొదట అనుమానించాల్సింది దాన్నే. ఆంటారియో వృద్ధులకూ టేసైడ్ వృద్ధులకూ శరీరాల్లో పెద్ద తేడా ఉందని వాదించడం కంటే ఇది చాలా నయమైన వివరణ.

ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోతల నుంచి ప్రశ్న: అలాంటప్పుడు ట్రయల్‌లో ఉన్నవాళ్లను పోలినవాళ్లకు మాత్రమే మందు ఇస్తే సరిపోదా?)

సరిపోదు. అలా చేస్తే తెలియనిదాన్ని హానిగా లెక్కగట్టినట్టు. ట్రయల్‌లో 78 ఏళ్లవాళ్లు తక్కువమంది ఉన్నారని, కిడ్నీలు బాగున్న 78 ఏళ్ల మనిషికి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 25 ఉన్న మనిషికి, మందు ఆపేయడంలో అర్థం లేదు. మేలు వచ్చే దారిలో వయసు స్వయంగా ఏ మెట్టునూ మారుస్తుందని చెప్పడానికి కారణం కనబడదు. వయసు ఎక్కువగా కిడ్నీలకూ, వాడే మందుల సంఖ్యకూ గుర్తుగా పనిచేస్తుంది. అసలు విషయాన్నే కొలవగలిగినప్పుడు గుర్తు మీద ఆధారపడనక్కర్లేదు. కిడ్నీ పనితీరు 20 ఉన్నావిడ విషయంలో మాత్రం కీడు ఎటువైపు జరుగుతుందో మనకు తెలుసు, ఎంత అన్నదే తెలియదు. ఎటువైపో తెలిసి, ఎంతో తెలియనప్పుడు ఆగడం సబబు. రెండు సందర్భాలూ "ట్రయల్‌లో లేనివాళ్లే". కానీ వాటిని ఒకే గాటన కట్టకూడదు.

(ఇంకో ప్రశ్న: ముందే చాలా దేశాల్లో ఒకేసారి ట్రయల్ చేస్తే ఈ బాధ ఉండదు కదా?)

మంచి ప్రశ్న. ఇదే మందుతో అలాంటిది జరిగింది కూడా. ఎజెక్షన్ ఫ్రాక్షన్ బాగానే ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ రోగుల మీద టాప్‌క్యాట్ అనే ట్రయల్ చేశారు, ఫలితాలు 2014లో వచ్చాయి. ఆరు దేశాలు, 3,445 మంది. దాదాపు సగం మంది అమెరికా, కెనడా, బ్రెజిల్, అర్జెంటీనా నుంచి, మిగతా సగం రష్యా, జార్జియాల నుంచి. అందరినీ కలిపి చూస్తే మందు వల్ల స్పష్టమైన మేలు తేలలేదు. విడదీసి చూస్తే మొదటి నాలుగు దేశాల్లో మేలు ఉన్నట్టు కనిపించింది, రష్యా, జార్జియాల్లో కనిపించలేదు. "వాళ్ల శరీరాలకు ఈ మందు పట్టదేమో" అని అక్కడ తేల్చేస్తే ఎంత పొరపాటో చూడండి.

మొదట చూడాల్సింది ప్లాసీబో తీసుకున్నవాళ్లను. వాళ్లకు మందే లేదు కాబట్టి, వాళ్లలో తేడా ఉంటే అది మందు వల్ల వచ్చింది కాదు. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణం, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రి పాలవడం లాంటి ప్రధాన ఘటనలు మొదటి నాలుగు దేశాల ప్లాసీబో గుంపులో 31.8 శాతం. రష్యా, జార్జియాల ప్లాసీబో గుంపులో 8.4 శాతం. ఒకే జబ్బున్న రెండు గుంపుల మధ్య దాదాపు నాలుగింతల తేడా! రెండో చోట చేర్చుకున్నవాళ్లలో చాలామందికి అసలు ఆ జబ్బు అంత తీవ్రతలో ఉందా అన్న అనుమానం అక్కడే పుట్టాలి. తర్వాత, మందు తీసుకున్నవాళ్లలో పొటాషియం ఎంత పెరిగిందో చూడాలి. ఈ మందు ఒంట్లోకి వెళ్తే పొటాషియం కాస్తయినా కదలాలి, అది మనం చెప్పుకున్న దారే. రష్యా, జార్జియాల్లో ఆ కదలిక తక్కువగా ఉంది. చివరికి 2017లో కొందరి నిల్వ రక్తనమూనాల్లో కాన్రెనోన్ కోసం వెతికారు. స్పైరోనోలాక్టోన్ శరీరంలో విరిగినప్పుడు ఏర్పడే పదార్థం అది. మందు వాడుతున్నామని చెప్పిన రోగుల్లో అది అసలు కనిపించనివాళ్లు అమెరికా, కెనడాల్లో 3 శాతం. రష్యాలో 30 శాతం.

కాబట్టి చాలా దేశాలను కలిపినంత మాత్రాన బాధ పోదు. కలిపిన సగటు ఏ ఒక్క చోటిదీ కాకుండా పోవచ్చు. పలు దేశాల ట్రయల్ నివేదిక చేతికొస్తే మందు ఫలితం పట్టిక తెరిచేముందు ఒక్కో దేశంలో ప్లాసీబో గుంపుకు ఏం జరిగిందో చూడండి. ఆ తర్వాత మందు ఒంట్లోకి వెళ్లిందని చెప్పే కొలత ఏదైనా ఉందేమో చూడండి: ఈ మందుకైతే పొటాషియం, ఇంకోదానికైతే రక్తపోటు, గుండె వేగం, ఏదో ఒకటి. ఆ రెండూ దేశానికీ దేశానికీ పొంతన లేకుండా ఉంటే, జనాభాల మధ్య చికిత్స ప్రభావం మారిందా అనే ప్రశ్న ఆ సమాచారంతో ఇంకా అడగలేం. అక్కడ పోల్చడానికి ఒకే చికిత్స, ఒకే జబ్బు రెండు వైపులా లేవు.